పన్నెండూ పదహారు వరకే

ఆ చెయ్యి టీవీలో ఒక్క క్షణమే కనబడింది.

కోల్డ్ స్టోరేజీ గేటు లోంచి ఇద్దరు మనుషులు స్ట్రెచరు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. దాని మీద దూది కూరిన చలికోటు తొడుక్కున్న మనిషి. ముఖం మీద తడిగుడ్డ. ఒక చెయ్యి పక్కకి జారి వేలాడుతోంది. ఆ చేతికి ఉంగరపు వేలు కొస లేదు.

"అత్తయ్యా!" అని కేక పెట్టింది కోడలు. "వాడే! మా తమ్ముడే!"

అప్పటికే కెమెరా మరో వైపు తిరిగిపోయింది. గేటు ముందు మైకు పట్టుకున్న అమ్మాయి దగ్గుతూ ఏదో చెబుతోంది. ఆమె వెనక తెల్లటి పొగ నేలబారుగా పాకుతోంది.

తమ్ముడికి ఆరేళ్లప్పుడు ఇనప తలుపు సందులో పడి ఆ వేలు కొస తెగిపోయింది. ఆ తలుపు వేసింది అక్కే. ఇరవై ఏళ్లుగా ఆ వేలు చూసినప్పుడల్లా ఆమె చూపు పక్కకి తిప్పుకునేది. అలాంటిది ఇవాళ, వెయ్యిమందిలో ఉన్నా గుర్తుపడతానని ఆ వేలే ఆమెకు ధైర్యం చెప్పింది.

"ఉండు, ఉండు, వెనక్కి తిప్పుతా," అంటూ అత్తగారు రిమోటు అందుకుంది.

ఆ ఇంట్లో టీవీ బాక్సు సంగతి అత్తగారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బాక్సు వెనక ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటుంది. రోజూ వచ్చే సీరియల్ దాంట్లో రికార్డు చేసుకుని, మధ్యాహ్నం తీరిగ్గా చూడటం ఆవిడ అలవాటు. వంటింట్లో కుక్కరు కూత పెడితే బొమ్మను ఆపి వెళ్లడం, తిరిగొచ్చి ఆపిన చోటు నుంచి చూడటం, ఎవరో అన్న మాట వినబడకపోతే వెనక్కి జరపడం, అన్నీ ఆవిడకు కొట్టిన పిండి. ఛానల్ పెట్టిన క్షణం నుంచీ బాక్సు దానంతటదే పెన్‌డ్రైవ్‌లో రాసుకుంటూ పోయేలా మెకానిక్ చేత ప్రత్యేకంగా పెట్టించుకుంది కూడా.

బొమ్మ గెంతుకుంటూ వెనక్కి పోయింది. పొగ మళ్లీ గేటులోకి దూరింది. స్ట్రెచరు వెనకడుగులు వేస్తూ లోపలికి వెళ్లింది. అత్తగారు ఆపి, నెమ్మదిగా ముందుకు నడిపించి, చెయ్యి కనబడగానే నొక్కింది. తెర నిలిచిపోయింది. తెర కింద పట్టీలో పదకొండూ ఇరవై ఒకటి అని ఉంది.

"వాడేనా? సరిగ్గా చూడు, అమ్మాయ్."

కోడలు టీవీ దాకా వెళ్లి, ఆ చేతి మీద తన చెయ్యి ఆనించింది. తల ఊపింది.

పదకొండున్నర నుంచీ కోడలు చెవికి ఫోను అతుక్కుపోయింది. తమ్ముడు పనిచేసే కోల్డ్ స్టోరేజీలో అమోనియా గొట్టం పగిలిందనీ, లోపల నలభై మంది ఉన్నారనీ, సగం మందిని బయటికి తెచ్చారనీ అందరికీ తెలుసు. ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్లారో మాత్రం ఎవరికీ తెలియదు. పనివాళ్ల ఫోన్లు లోపలి లాకర్లలో ఉండిపోయాయి. హెల్ప్‌లైనులో ఒకటే పాట మోగుతోంది, మధ్య మధ్య ఒక గొంతు దయచేసి వేచి ఉండమంటోంది. స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద పెట్టి, ఆమె గోళ్లు కొరుక్కుంటూ గదంతా తిరిగింది. బడి ఆఫీసులో మధ్యాహ్నం ఆమె డ్యూటీ. ఆ సంగతే మర్చిపోయింది.

ఆమె భయం గ్యాసు ఒక్కటే కాదు. తమ్ముడికి పదిహేనేళ్ల నుంచీ షుగరు. పొద్దున ఏడింటికి ఇన్సులిన్ పొడుచుకుని డ్యూటీ ఎక్కుతాడు, పదిన్నరకి డబ్బా విప్పుతాడు. గొట్టం పగిలింది పదీ ఇరవైకి. అంటే ఇవాళ తిండి లేదు. మందు మాత్రం లోపల పనిచేస్తూనే ఉంటుంది. స్పృహ లేకుండా పడున్న మనిషిని చూసి అందరూ గ్యాసు వల్లే అనుకుంటారు. షుగరు పడిపోయిందేమోనని ఒక్కసారి పొడిచి చూడాలని ఎవరికి తడుతుంది, ఒకేసారి ఇరవై మంది వచ్చి పడితే?

బల్ల మీద ఉన్న అత్తగారి నొక్కుల ఫోను మోగింది. కొడుకు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పోలీసులు ఆపేసిన జనంలో ఉన్నాడు.

"అమ్మా, ఆవిడకివ్వు... ఏమోయ్, ఇంకో ఛానల్లో పేర్లు చదువుతున్నారట. ఎవర్ని ఏ ఆసుపత్రిలో చేర్చారో మొత్తం లిస్టు. తొందరగా మార్చి చూడు!"

కోడలు రిమోటు లాక్కుంది. వేలు ఛానల్ మీట మీదికి పోయింది.

"మార్చకు!" అత్తగారు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆవిడ పట్టు అంత గట్టిదని కోడలికి పెళ్లయిన ఎనిమిదేళ్లలో తెలియదు. "ఛానల్ మారిస్తే ఇదంతా ఎగిరిపోద్ది. వెనక్కి తిప్పుకోడానికి ఏమీ మిగలదు. కొత్త ఛానల్ మొదటి నుంచీ రాసుకుంటుంది."

"పేర్లున్నాయటత్తయ్యా!"

"పేర్లు మా వాణ్ణే కనుక్కోమను. అక్కడ ఇంతమంది జనం, ఎవడి ఫోనులోనైనా చూడొచ్చు. ఇది మాత్రం మనింట్లో తప్ప ఎక్కడా లేదు."

ఆ మాట నిజమే. ఇది ఊళ్లో చిన్న కేబుల్ ఛానల్. దగ్గుతూ మాట్లాడే ఆ అమ్మాయి, భుజాన కెమెరా మోసే మనిషి, అంతే వాళ్ల సరంజామా. అదే కార్యక్రమం మళ్లీ వేస్తారన్న నమ్మకం లేదు. ఛానల్ ఆఫీసుకి ఫోను చేస్తే ఎప్పుడూ బిజీ.

భర్తకు పేర్లు చూడమని చెప్పి పెట్టేసింది. పది నిమిషాల తర్వాత మళ్లీ అతనే చేశాడు. లిస్టులో పదహారు పేర్లు, తమ్ముడి పేరు లేదు. పేరు తెలియని వాళ్లు పెద్దాసుపత్రిలో ఒకరే, ఆయనకి అరవై ఏళ్లుంటాయట.

"టీవీలో వాడి చెయ్యి కనబడిందన్నావుగా, ఆ పెన్‌డ్రైవ్ పీకి ఆటోలో తీసుకురా. ఇక్కడ పోలీసులకి చూపిద్దాం," అన్నాడు.

ఈసారి కోడలు తనంతట తాను ఆగి అత్తగారి ముఖం చూసింది. అత్తగారికీ ఖాయంగా తెలియలేదు. బాక్సు బిగించిన మెకానిక్‌కి ఫోను చేసింది.

మెకానిక్ ఎక్కడో మేడ మీద డిష్ బిగిస్తున్నట్టున్నాడు, గాలి హోరు వినబడింది. సంగతి చెప్పగానే అతని గొంతు మారిపోయింది.

"పీకొద్దు పిన్నిగారూ, పీకితే అది అక్కడితో చచ్చిపోయినట్టే. అది రికార్డింగు కాదు, తాత్కాలికంగా రాసుకునేది. పైగా ఈ బాక్సు రాసింది ఈ బాక్సే చదవగలదు, కంప్యూటర్లో పెట్టినా తెరుచుకోదు."

"పోనీ ఎర్ర మీట నొక్కి రికార్డు చేస్తే?"

"ఇప్పుడొస్తున్నదాన్ని రికార్డు చేస్తుంది. జరిగిపోయిందాన్ని కలపదు. ఈ మోడల్లో అది నొక్కితే వెనకదంతా పోతుంది కూడా. సరే గానీ, పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఎంతుంది?"

అత్తగారు తడబడింది. "సీరియల్ ఎపిసోడ్లున్నాయి బాబూ. ఇరవైదాకా."

"పదహారు జీబీ పెన్‌డ్రైవ్ కదా అది. అరగంట ఎపిసోడు ముప్పావు జీబీకి కాస్త తక్కువ తింటుంది. ఇరవై అంటే పదమూడున్నర. పెట్టె మీద పదహారని రాసినా లోపల పదిహేనుకి కూడా రాదు. అంటే మీకు మిగిలింది జీబీ పైన కాస్త. యాభై ఐదు నిమిషాలు పడుతుందేమో. ఛానల్ ఎప్పుడు పెట్టారు?"

"పదకొండూ పన్నెండుకి," అంది కోడలు. టీవీ పెట్టమని పక్కింటావిడ ఫోను చేసిన టైము ఆమె ఫోనులోనే ఉంది.

"అయితే పన్నెండూ ఏడుకి నిండుతుంది. నిండాక ఆగదమ్మా. మొదట్నుంచీ పాతదాన్ని చెరుపుతూ దాని మీదే కొత్తది రాస్తుంది. మీరు బొమ్మ ఆపి పెట్టుకున్నా అంతే. చెరిపేది అక్కడిదాకా వచ్చిందంటే మిమ్మల్ని ముందుకు తోసేస్తుంది."

అత్తగారు గోడ గడియారం చూసింది. పన్నెండూ మూడు.

తెర మీద ఆ చెయ్యి అలాగే వేలాడుతోంది. ఇప్పటిదాకా కోడలికి అది గోడకి తగిలించిన ఫొటోలా, ఎప్పటికీ ఉండేదిలా అనిపించింది. అరగంటకు పైగా దాన్ని అలా ఆపి పెట్టి, తెలియని వాళ్లకి ఫోన్లు చేస్తూ కూర్చుంది. ఆ తర్వాత స్ట్రెచరు ఎటు పోయిందో చూద్దామని కూడా తట్టలేదు.

"నా సీరియళ్లన్నీ తీసెయ్, బాబూ! అన్నీ తీసేస్తా, ఎలాగో చెప్పు!" అంది అత్తగారు.

"ఇప్పుడు తీసినా లాభం లేదు పిన్నిగారూ. ఛానల్ పెట్టినప్పుడే ఎంత చోటు వాడుకోవాలో బాక్సు లెక్కేసుకుంది. తియ్యాలంటే ఇందులోంచి బయటికి రావాలి. బయటికొస్తే పోతుంది. పదకొండూ ఇరవై ఒకటిది పన్నెండూ పదహారు వరకూ ఉంటుంది. ఒక నిమిషం అటూ ఇటూ. ఈలోగా చూసుకోవాల్సింది చూసెయ్యండి. నెమ్మదిగా నడిపే మీటుందిగా, అది వాడండి. పెట్టేస్తున్నా, టైము పోగొట్టుకోకండి."

కోడలు హెల్ప్‌లైను పాట మోగుతున్న ఫోను అందుకుని తెరకి ఫొటో తీసింది. పాత టీవీ. ఫొటో నిండా అడ్డగీతలు పడ్డాయి. చెయ్యే చెయ్యిలా లేదు. ఫొటోలతో కాదు, కళ్లతోనే చూడాలి.

"నువ్వు తెర దగ్గర నిలబడు. నీ కళ్లు మంచివి," అంది అత్తగారు. "ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతా."

స్ట్రెచరు కదిలింది. నీళ్లలో నడుస్తున్నట్టు మనుషులు మెల్లగా కాళ్లెత్తారు. గేటు పక్కన రెండు అంబులెన్సులు. స్ట్రెచరు మొదటిదాని వైపు వెళ్లింది. ఎవరో చెయ్యి అడ్డంగా ఊపారు. నిండిపోయింది. రెండో దాని తలుపులు మూసుకుంటున్నాయి.

"అదీ నిండిందత్తయ్యా. ఎక్కించలేదు."

సరిగ్గా అప్పుడే కెమెరా మైకు అమ్మాయి వైపు తిరిగిపోయింది. ఇందాక వాళ్లు చూడడం ఆపేసింది ఇక్కడే. అత్తగారు వదల్లేదు. తెరలో ఆ అమ్మాయి మాట్లాడుతోంది. ఆమె భుజం వెనక, కుడిమూలగా, ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో రోడ్డు దాటుతున్నారు.

"ఆపండి! అదిగో, ఆ వెనక!"

రోడ్డుకి అవతల గులాబీ రంగు వ్యాను ఉంది. దాని వెనక తలుపులు తీసి ఒక మనిషి ట్రేలు కింద పడేస్తున్నాడు. బ్రెడ్డు ట్రేలు.

"బేకరీ వ్యాను," అంది కోడలు. "బ్రెడ్డు వ్యానులో ఎక్కించారు. అందుకే ఏ లిస్టులోనూ లేడు."

గడియారంలో పన్నెండూ తొమ్మిది. బాక్సు చెరపడం మొదలుపెట్టి రెండు నిమిషాలైంది. తెర కింద పట్టీ ఎడమ అంచున మొదలైన టైము పదకొండూ పద్నాలుగు అని మారింది. వాళ్లు చూస్తుండగానే పదిహేను అయింది. పట్టీలో వాళ్లున్న చోటును చూపే చుక్క ఆ అంచుకి జానెడు దూరంలో ఉంది.

వ్యాను పక్కన బేకరీ పేరు, దాని కింద ఫోను నంబరు ఉన్నాయి. కానీ మైకు అమ్మాయి తల పేరుకి అడ్డం. కింద పరిగెత్తే వార్తల పట్టీ నంబరుకి అడ్డం.

"ముందుకు. ఇంకొంచెం. ఇంకొంచెం... ఆపండి!"

మైకు అమ్మాయి దగ్గొచ్చి ముందుకు వంగింది. ఆమెతో పాటు కెమెరా కొంచెం కిందికి వంగింది. నంబరు పట్టీకి పైన తేలింది. కోడలు ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి పోయింది. దగ్గరికెళితే అన్నీ చుక్కలే. వెనక్కి జరిగింది. కళ్లు చిట్లించింది.

"తొమ్మిది... నాలుగు... ఒకటి... రెండు సున్నాలు. రాయండత్తయ్యా!"

అత్తగారు కాగితం కోసం వెతకలేదు. సోఫా పక్కనున్న పెన్ను తీసి తన అరచేతిలోనే రాసుకుంది. మిగతా ఐదంకెల ముందు ఒక పోలీసాయన నిలబడున్నాడు. ఒక్కొక్క నొక్కుతో ఆయన అంగుళం అంగుళం జరిగాడు.

"ఏడు. ఆరు. ఆరు. ఇదేంటి... మూడో, ఎనిమిదో. చివర రెండు."

"సరిగ్గా చూడు."

"తెలీట్లేదు, వెనక్కి, మళ్లీ!"

వెనక్కి వెళ్లారు. మూడులా ఉంది. ముందుకొచ్చారు. ఎనిమిదిలా ఉంది. వ్యాను తలుపులు మూసుకున్నాయి. అంతకు ముందే అందులోకి ఇంకో మనిషిని ఎక్కించడం కనబడింది. ఆయన తెల్ల గడ్డం ఒక్కసారి మెరిసి మాయమైంది. వ్యాను కదిలింది, ఎడమ వైపు తిరిగింది.

"మళ్లీ ఒక్కసారి వెనక్కి, అత్తయ్యా, ఒక్కసారే..."

అత్తగారు వెనక్కి నొక్కింది. చుక్క ఎడమ అంచుకి వెళ్లి తగిలింది. తెర ఒక్కసారి నల్లబడింది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి వ్యాను లేదు. స్ట్రెచరు లేదు. ఖాళీ రోడ్డు మీద బ్రెడ్డు ట్రేలు పడున్నాయి. ఎంత నొక్కినా అంతకన్నా వెనక్కి పోలేదు.

"అయిపోయింది," అంది అత్తగారు. సోఫాలో కూలబడి అరచెయ్యి చాచింది. "రెండూ చేద్దాం. ముందు మూడు."

కోడలు ఫోను తీసుకుంది. హెల్ప్‌లైను పాట ఇంకా మోగుతూనే ఉంది. నలభై రెండు నిమిషాలు పట్టుకున్న లైను. ఒక్క క్షణం తటపటాయించి, కట్ చేసింది.

మూడున్న నంబరు ఎత్తింది ఒక టైలరు. బేకరీ కాదమ్మా, అన్నాడు. ఎనిమిదున్న నంబరు మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి ఎత్తారు.

"వ్యాను మాదేనమ్మా," అన్నాడు బేకరీ యజమాని. "డ్రైవరు నన్నడక్కుండానే ఎక్కించుకున్నాడు, మంచి పని చేశాడు. పెద్దాసుపత్రి రోడ్డంతా జామట. బైపాసు మీద చిన్న నర్సింగు హోములో ఇద్దర్నీ దింపి, మిగతావాళ్ల కోసం మళ్లీ అటే వెళ్లాడు. నర్సింగు హోము నంబరిస్తా, రాసుకో."

నర్సింగు హోములో ఫోను ఎత్తిన నర్సు గొంతులోనే తెలిసిపోతోంది, ఆవిడకి ఊపిరి తీసుకోడానికీ తీరిక లేదని.

"ఇద్దరున్నారు, పేర్లు తెలీదు. ఒకాయన పెద్దాయన. ఇంకొకతను కుర్రాడే. ఆక్సిజన్ పెట్టాం. మీరెవరు?"

"అతని కుడిచేతి ఉంగరపు వేలుకి కొస లేదు. చూడండి. వాడు నా తమ్ముడు. వాడికి షుగరు. పొద్దున ఇన్సులిన్ తీసుకుని ఏమీ తినలేదు. దయచేసి ఇప్పుడే షుగరు చూడండి, ఇప్పుడే!"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. ఎవరో ఎవర్నో పిలిచారు. అత్తగారు కోడలి భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

"వేలికి కొస లేదు, అతనే," నర్సు తిరిగొచ్చింది. "ముప్ఫై ఎనిమిదుందమ్మా షుగరు. గ్లూకోజు ఎక్కిస్తున్నారు. డాక్టరుగారు మీ పేరడుగుతున్నారు... ఏడవకండి. ముందిటు రండి."

వాళ్లు ఆటోలో చేరుకునే సరికి తమ్ముడు కళ్లు తెరిచి ఉన్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. ఆక్సిజన్ మాస్కు లోంచి మాట రాలేదు. అక్కని చూసి చెయ్యి కదిలించాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వేలి మొండిని తన నుదుటికి ఆనించుకుంది. "తిన్నావా?" అంది. అతని కళ్లు నవ్వాయి.

తమ్ముడి ఊపిరితిత్తులు కుదుటపడటానికి పన్నెండు రోజులు పట్టింది. గొంతు ఇంకా పూర్తిగా తేరుకోలేదు, ఎక్కువ మాట్లాడితే బొంగురుపోతుంది.

ప్రమాదం జరిగిన ఆ రోజు, తమ్ముడి మంచం పక్కనుంచి లేచాకే కోడలికి రెండో మనిషి గుర్తొచ్చాడు. పక్క గదిలో తెల్ల గడ్డం పెద్దాయన. ఆయన పేరు అప్పటికీ ఎవరికీ తెలియదు. ఆమె భర్తకు ఫోను చేసింది. గేటు దగ్గర జనంలో తెల్ల గడ్డం మనిషి కోసం వెతుకుతున్న వాళ్లెవరైనా ఉన్నారేమో గట్టిగా అడగమంది. అతను అడిగాడు. గేటు ఊచలు పట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడ్డ ఒకావిడ చెయ్యెత్తింది. మా ఆయన గేటు కాపలాదారు, అంది. ఆయన్నీ ఆ వ్యానులోనే తీసుకెళ్లారు కాబట్టి ఆయన పేరూ ఏ లిస్టులోకీ ఎక్కలేదు.

సాయంత్రం నాలుగింటికి ఆవిడ నర్సింగు హోముకి చేరింది. ఆయనకప్పుడు కాస్త తెలివొచ్చింది. ఆవిడని గుర్తుపట్టాడనీ, పేరు పెట్టి పిలిచాడనీ నర్సు చెప్పింది. ఆరు దాటాక పోయాడు.

కోడలు వరండాలో బల్ల మీద ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ కళ్లు తుడుచుకుని అడిగింది:

"ఆయన్ని ఎలా ఎక్కించారమ్మా? జాగర్తగానే ఎక్కించారా? నువ్వు చూశావటగా."

"చూశాను పిన్నిగారూ," అంది కోడలు. "ఇద్దరు మనుషులు పట్టుకున్నారు. ఒకరు తల కింద చెయ్యి పెట్టారు. మెల్లగానే ఎక్కించారు."

ఆవిడ అది మళ్లీ చెప్పమంది. కోడలు మళ్లీ చెప్పింది.